రియల్ వృద్ధి 8.2, ద్రవ్యోల్బణం 5.4 అయితే నామినల్ 9.6 ఎలా అవుతుంది?

సిరిమల్లె_గ్రూప్2

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ వరకూ తెలుగు మీడియం. గ్రూప్-2 కోసం 2023-24 ఆర్థిక సర్వేని మొదటిసారి నోట్సు పక్కన పెట్టి నేరుగా చదువుతున్నాను. రెండు రోజులుగా ఒక్కచోటే ఆగిపోయాను.

మొదటి అధ్యాయంలో 2023-24 రియల్ జీడీపీ వృద్ధి, అంటే ధరల పెరుగుదల తీసేసి చూసిన వృద్ధి, 8.2 శాతం అని ఉంది. ధరల గురించి చెప్పే మూడో అధ్యాయంలో ఆ ఏడాది చిల్లర ద్రవ్యోల్బణం 5.4 శాతం, కోవిడ్ తర్వాత ఇదే తక్కువ అని ఉంది. మా నోట్సులో "నామినల్ వృద్ధి అంటే రియల్ వృద్ధికి ద్రవ్యోల్బణం కలపడమే" అని పెద్ద అక్షరాలతో రాసి గీత కూడా గీశారు. కలిపితే 13.6 రావాలి. గణాంక మంత్రిత్వ శాఖ 2024 మే 31న ఇచ్చిన ప్రకటన తెరిచి చూస్తే, ధరల పెరుగుదల కూడా కలిసి ఉండే నామినల్ వృద్ధి 9.6 మాత్రమే. మిగతా 4 శాతం ఏమైపోయింది? సర్వేలో అచ్చుతప్పా, మా నోట్సు తప్పా, నాకే అర్థం కాలేదా? ఎవరైనా అంకెలతో చెప్పండి.

పోలవరం కుర్రాడు

అక్కా, ద్రవ్యోల్బణం పెరిగితే వృద్ధి తగ్గుతుంది, ఇది చాలా ముఖ్యమైన టాపిక్. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉండాలి, 2 నుంచి 6 మధ్యలో ఉంటే సరే అన్నది రిజర్వు బ్యాంకు లక్ష్యం. దాన్ని అదుపు చెయ్యడానికే రెపో రేటును 2023 ఫిబ్రవరిలో 6.5కి తెచ్చి చాలాకాలం అక్కడే ఉంచారు. రెపో పెరిగితే అప్పులు ఖరీదవుతాయి, పెట్టుబడులు తగ్గుతాయి, వృద్ధి తగ్గుతుంది. మెయిన్స్‌లో ఈ గొలుసు బొమ్మ వేసి చూపిస్తే మార్కులు పడతాయి.

సిరిమల్లె_గ్రూప్2

థాంక్స్ తమ్ముడూ. ఒకటి పెరిగితే రెండోది ఎందుకు తగ్గుతుందన్నది కాదు నా ప్రశ్న. మూడు అంకెలూ ప్రభుత్వం ఇచ్చినవే కదా, అవి ఒకదానితో ఒకటి ఎందుకు పొసగడం లేదన్నదే నా బాధ.

రెండో అటెంప్ట్

నోట్సులో ఉన్న సూత్రం కరెక్టే, అనుమానం అక్కర్లేదు. అంతకు ముందు ఏడాది చూడండి. 2022-23లో నామినల్ 14.2, రియల్ 7.0, చిల్లర ద్రవ్యోల్బణం 6.7. ఏడుకి 6.7 కలిపితే 13.7, దాదాపు సరిపోయింది కదా. ఆ ఏడాది పనిచేసిన సూత్రం తర్వాతి ఏడాది ఎందుకు పనిచెయ్యదు? నా లెక్క ప్రకారం 2023-24లో అసలు వృద్ధి 9.6లోంచి 5.4 తీసేస్తే వచ్చే 4.2. ఆ 8.2 కాగితం మీది అంకె. పరీక్షలో ఎలాగూ 8.2 అనే రాయాలి, అది వేరే సంగతి.

గణాంకాల బాబాయ్

అమ్మా సిరిమల్లె, సర్వేలో అచ్చుతప్పు లేదు. నోట్సులో సగం తప్పు ఉంది. గణాంకాల శాఖలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ కూడికతో ఇరుక్కున్న పిల్లల్ని చాలామందినే చూశాను.

ముందు కూడిక వదిలేసి భాగారం చెయ్యి. నువ్వు చెప్పిన మే 31 ప్రకటనలోనే శాతాలతో పాటు మొత్తాలు కూడా ఉంటాయి. 2023-24 జీడీపీ ఆ ఏటి ధరల్లో 295.36 లక్షల కోట్లు, 2011-12 ధరల్లో లెక్కిస్తే 173.82 లక్షల కోట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.699 వస్తుంది. అంటే 2011-12లో రూపాయి పెడితే వచ్చేది 2023-24లో దాదాపు రూపాయి డెబ్బై పైసలయింది. ముందు ఏడాది మొత్తాలు 269.50, 160.71. వాటిని భాగిస్తే 1.677. ఇప్పుడు 1.699ని 1.677తో భాగించు. 1.013 వస్తుంది. జీడీపీ లోపల ధరలు ఆ ఏడాది పెరిగింది 1.3 శాతమే అన్నమాట. దీన్నే డిఫ్లేటర్ అంటారు. 8.2కి 1.3 కలిపితే 9.5, గుణకారంతో సరిచేస్తే 9.6. నీ 4 శాతం ఎక్కడికీ పోలేదు, అసలు లేనే లేదు.

ఇక 5.4కీ 1.3కీ ఇంత తేడా ఎందుకంటే, ఆ రెండూ చూసే వస్తువులు వేరు. చిల్లర ధరల సూచీ ఒక కుటుంబం నెలనెలా పెట్టే ఖర్చుని చూస్తుంది. 2012 ఆధారంగా నడిచిన ఆ సూచీలో తిండికి, తాగే వాటికి కలిపి 45.86 శాతం బరువు ఉండేది. జీడీపీలో వంటింటితో పాటు ఉక్కు, సిమెంటు, రసాయనాలు, యంత్రాలు, ఎగుమతి చేసే సరుకు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ ఉంటాయి. ఫ్యాక్టరీ సరుకు దగ్గర ఎక్కువగా వాడేది టోకు ధరల సూచీ. 2022-23లో 9.4 శాతం పెరిగిన ఆ సూచీ 2023-24లో పెరగలేదు సరికదా 0.7 శాతం తగ్గింది. కూరగాయల బజార్లో ధరలు మండుతున్న ఏడాదిలోనే ఫ్యాక్టరీ గేటు దగ్గర ధరలు దిగాయి. డిఫ్లేటర్‌ని కిందికి లాగింది అదే.

హాస్టల్ గది 14

బాబాయ్ గారూ, ఇది చదివాక నా డౌటు ఇంకా పెరిగింది. మా హాస్టల్ మెస్ బిల్లు ఆ ఏడాదిలో 3,000 నుంచి 3,400 అయింది, అంటే 13 శాతం పైనే. టమాటా లేని సాంబారు కూడా తిన్నాం. మీరు 1.3 అంటున్నారు, సర్వే 5.4 అంటుంది. మా నాన్న కౌలు రైతు, ఆయన పంపే డబ్బులోంచే ఈ బిల్లు కట్టాలి. ఇందులో ఏ అంకె నాది?

లెక్కల టీచర్

నీది మూడో అంకె. అదే అధ్యాయంలో ఆహార ధరల పెరుగుదలను విడిగా ఇచ్చారు చూడు. 2022-23లో 6.6 ఉన్నది 2023-24లో 7.5కి పెరిగింది. మెస్ బిల్లంతా తిండే కాబట్టి నీకు దగ్గరగా ఉండేది ఆ 7.5. అది దేశమంతటి సగటు. ఆ ఏడాది కూరగాయలూ పప్పులూ అంతకన్నా చాలా ఎక్కువ పెరిగాయి, మెస్సులో వండేవి ప్రధానంగా అవే. గ్యాసూ వంటవాళ్ళ జీతాలూ కూడా అందులో కలుస్తాయి. మీ నాన్నగారి ఇంటి లెక్క కూడా నీ లెక్కతో కలవదు. ఆ సూచీలో పల్లెలకి తిండి బరువు 54.18, పట్టణాలకి 36.29 ఉండేది.

జీడీపీ డిఫ్లేటర్ నీ కంచంలోకి చూడదు. దేశంలో తయారైన మొత్తం విలువలో ధర వాటా ఎంత, పరిమాణం వాటా ఎంత అని విడదీయడమే దాని పని. "ధరలు 1.3 శాతమే పెరిగాయి" అని దాన్ని పట్టుకుని ఎవరైనా అంటే ఆ మాట నీ విషయంలో తప్పే.

రెండో అటెంప్ట్

బాబాయ్ గారి భాగారం ఒప్పుకుంటున్నా. 2022-23కి కూడా 1.142ని 1.070తో భాగించి చూశాను, 6.7 శాతం వచ్చింది. చిల్లర ద్రవ్యోల్బణమూ 6.7 కదా, అచ్చంగా అదే! అందుకే ఆ ఏడాది నా సూత్రం పనిచేసింది.

ఒకటి మాత్రం అడుగుతా. డిఫ్లేటర్ అంటే టోకూ చిల్లరా కలిపిన సగటు అని కోచింగ్‌లో చెప్పారు. 5.4కీ మైనస్ 0.7కీ సగటు 2.35. మీకు 1.3 వచ్చింది. 2022-23లో 9.4కీ 6.7కీ సగటు 8, వచ్చింది 6.7. ఏ ఏడాదీ సగటు కుదరడం లేదు. దీనికి ఏమంటారు?

గణాంకాల బాబాయ్

మంచి ప్రశ్న బాబూ. సగటు అన్న మాట దగ్గరే తేడా ఉంది. రెండు సూచీలను కలిపి ఒక డిఫ్లేటర్ తయారుచేసి దానితో జీడీపీని భాగించే పని ఎక్కడా జరగదు. ఒక్కో రంగాన్ని దానికి తగిన ధరతో విడివిడిగా స్థిర ధరల్లోకి, అంటే 2011-12 ధరల్లోకి మారుస్తారు. కొన్నిచోట్ల ధర జోలికే పోకుండా పరిమాణం పెరుగుదలనే వాడతారు. అన్నీ పూర్తయ్యాక మొత్తాన్ని మొత్తంతో భాగిస్తే తేలేది డిఫ్లేటర్. నేను పైన చేసిందీ అదే. లెక్క చివర్లో తేలే అంకె కాబట్టి అది రెండు సూచీల మధ్యలో సరిగ్గా ఎక్కడ ఉండాలన్న నియమం లేదు. 2022-23లో అది చిల్లర సూచీ పక్కన వచ్చి నిలబడటం కాకతాళీయం. నీ సూత్రం ఆ ఏడాది పనిచేసింది అందుకే తప్ప అది నిజమై కాదు.

నువ్వు 4.2 అన్నావు చూడు, అది కూడా ఏదీ కాని అంకె. దేశంలో తయారైన ఉక్కు విలువని వంకాయల ధరతో భాగించినట్టు అయింది.

అయితే నీ అనుమానం పూర్తిగా పనికిరానిదని కూడా అనను. 8.2 అంకె మీద చర్చించాల్సిన చోటు వేరే ఉంది. రేపు తీరిగ్గా రాస్తాను, దానికి ఒక నూనె మిల్లు కావాలి.

సిరిమల్లె_గ్రూప్2

భాగారం నాలుగుసార్లు చేశాను, ప్రతిసారీ 1.3 దగ్గరికే వచ్చింది. నోట్సులో ఆ గీత కొట్టేసి "ద్రవ్యోల్బణం" అన్నచోట "డిఫ్లేటర్" అని రాసుకున్నాను. నూనె మిల్లు కోసం ఎదురుచూస్తున్నాను బాబాయ్ గారూ.

గణాంకాల బాబాయ్

చెప్పిన మాట ప్రకారం నూనె మిల్లు.

ఒక మిల్లు ఏడాదికి 70 లక్షల రూపాయల వేరుశనగ కొని, ఆడించి, 100 లక్షల నూనె అమ్ముతుంది. కరెంటు, సంచులు వగైరా వదిలేద్దాం. మిల్లు దేశానికి కొత్తగా చేర్చిన విలువ 30 లక్షలు. జీడీపీలోకి వెళ్ళేది ఈ 30 లక్షలే, నూనె మొత్తం విలువ కాదు.

మరుసటి ఏడాది అవే బస్తాలు కొన్నారు, అన్నే డబ్బాలు అమ్మారు. పని చుక్క కూడా పెరగలేదు. ధరలు మాత్రం మారాయి. వేరుశనగ 10 శాతం పడిపోయి 63 లక్షలకే వచ్చింది. నూనె 4 శాతమే తగ్గి 96 లక్షలు తెచ్చింది. చేర్చిన విలువ 33 లక్షలు.

దీన్ని స్థిర ధరల్లోకి మార్చాలి. ఈ 33 లక్షలను నూనె ధరతోనే, అంటే 0.96తో భాగిస్తే 34.4 వస్తుంది. 30 లక్షలు 34.4 అయింది కాబట్టి మిల్లు దాదాపు 15 శాతం ఎదిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఏమీ ఎదగలేదు. అదే నూనెని నూనె ధరతో, వేరుశనగని వేరుశనగ ధరతో విడివిడిగా మార్చి తీసేస్తే 100లోంచి 70 పోయి మళ్ళీ 30 వస్తుంది. వృద్ధి సున్నా. అదే సరైన జవాబు.

మొదటి పద్ధతిని సింగిల్ డిఫ్లేషన్ అంటారు, రెండోదాన్ని డబుల్ డిఫ్లేషన్. 2011-12 ఆధారంగా నడిచిన శ్రేణిలో వ్యవసాయం లాంటి చోట రెండోది ఉంది గానీ తయారీ రంగంలో మొదటిదే. ముడిసరుకు ధరలు అమ్మకం ధరల కన్నా వేగంగా పడిపోయే ఏడాదిలో ఈ పద్ధతి వృద్ధిని కాస్త ఉబ్బించి చూపిస్తుంది. 2023-24 అలాంటి ఏడాదే.

లెక్కల టీచర్

బాబాయ్ గారి మిల్లునే తిరగేసి చేశాను. వేరుశనగ 10 శాతం పెరిగి 77 లక్షలు, నూనె 4 శాతం పెరిగి 104 లక్షలు అనుకుందాం. చేర్చిన విలువ 27. దాన్ని 1.04తో భాగిస్తే 26 కన్నా ఒక పిసరు తక్కువ. పని అంతే జరిగినా మిల్లు 13 శాతం పైగా చితికిపోయినట్టు కనిపిస్తుంది.

అంటే తప్పు ఎప్పుడూ ఒకవైపే పోదు. టోకు ధరలు 9.4 శాతం ఎగబాకిన 2022-23లో ఇదే పద్ధతి తయారీ రంగాన్ని తక్కువ చేసి చూపి ఉండొచ్చు. కావాలని పెంచి చూపించారని అనేవాళ్ళు ఈ రెండో వైపు కూడా చూడాలి.

రెండో అటెంప్ట్

టీచర్ గారూ, కావాలని చేశారని నేను అనలేదు, కాగితం మీది అంకె అన్నాను. మిల్లు లెక్క చూశాక ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేను కూడా. 2019లో మాజీ ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ కూడా 2011-12 నుంచి 2016-17 వరకు వృద్ధిని ఏటా రెండున్నర శాతం దాకా ఎక్కువ చూపించారని రాశారు కదా. సర్వే రాసే కుర్చీలో కూర్చున్న మనిషే ఆయన.

గణాంకాల బాబాయ్

రాశారు. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి ఆ వాదనను అంకెలతో ఖండించింది కూడా. ఆయన లెక్క ప్రధానంగా విద్యుత్తు, ఎగుమతులు, అప్పులు వంటి ఇతర సూచికలతో జీడీపీని పోల్చి కట్టింది. మన మిల్లు లెక్క వేరు. ఆ చర్చ ఈనాటికీ తెగలేదు. 2023-24కి ఉబ్బు ఎంతో పావు శాతమో ఒక శాతమో నన్ను చెప్పమంటే చెప్పలేను, అందుకు ప్రతి పరిశ్రమ ముడిసరుకు ధరలు విడిగా కావాలి. నా మటుకు నాకు ఉబ్బు ఉందనే అనిపిస్తుంది గానీ 4 శాతం అంత ఉందంటే నమ్మను.

లెక్కల టీచర్

నేను ఇక్కడ బాబాయ్ గారితో పూర్తిగా ఏకీభవించను. ఎంతో తెలియనప్పుడు ఉందనే అనిపిస్తుంది అని కూడా పిల్లలకి చెప్పకూడదు. పద్ధతిలో లోపం ఉంది, అది ఎటువైపు లాగుతుందో తెలుసు, ఎంతో తెలియదు. అక్కడితో ఆపాలి.

సిరిమల్లె_గ్రూప్2

నాకు మాత్రం వేరే చోట దారి కనిపించింది. 2020 సివిల్స్ ప్రిలిమ్స్ పాత పేపర్లో ఒక ప్రశ్న ఉంది. చిల్లర సూచీలో ఆహారం బరువు టోకు సూచీలో కన్నా ఎక్కువ అన్నది ఒక వాక్యం, టోకు సూచీ సేవల ధరలను పట్టించుకోదన్నది రెండోది, రిజర్వు బ్యాంకు టోకు సూచీని ముఖ్య కొలతగా తీసుకుందన్నది మూడోది. మొదటి రెండే సరైనవని బట్టీపట్టాను. ఆ రెండు వాక్యాలే మన చర్చలో 5.4కీ 1.3కీ మధ్య నిలబడి ఉన్నాయని ఇప్పుడు తెలిసింది.

పోలవరం కుర్రాడు

అక్కా, మొదట నేను ప్రశ్న సరిగ్గా చదవలేదు, ఇప్పుడు అర్థమైంది. ఇంకొక చిక్కు. నా దగ్గర ఉన్న కరెంట్ అఫైర్స్ పుస్తకంలో 2023-24 వృద్ధి 9.2 అని ఉంది, 8.2 కాదు. అందులో కచ్చితంగా అచ్చుతప్పే అనుకుంటున్నా.

రెండో అటెంప్ట్

అది అచ్చుతప్పు కాదు తమ్ముడూ. 2025 ఫిబ్రవరి 28న సవరించారు. రియల్ 8.2 నుంచి 9.2కి, నామినల్ 9.6 నుంచి 12.0కి పోయింది. నా నోట్సులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

లెక్కల టీచర్

అయితే భాగించండి. 1.12ని 1.092తో భాగిస్తే 1.026 దగ్గర వస్తుంది. అంటే డిఫ్లేటర్ కూడా 1.3 నుంచి 2.6కి పెరిగింది. చిల్లర ద్రవ్యోల్బణం 5.4 అలాగే ఉంది, అది పెద్దగా సవరణలకు లోనయ్యే అంకె కాదు. ఈ సంగతి నేనూ ఇప్పుడే గమనించాను. మూడు రోజులుగా మనం చర్చించిన 1.3 కూడా ఒక తేదీకి కట్టిన అంకెన్నమాట.

గణాంకాల బాబాయ్

అవును, అందుకే వృద్ధి అంకె పక్కన అది ఏ అంచనాయో రాసుకోవాలి. ఒక ఏడాదికి జనవరిలో మొదటి ముందస్తు అంచనా వస్తుంది, ఫిబ్రవరి చివర రెండోది, మే చివర తాత్కాలిక అంచనా. తర్వాతి ఫిబ్రవరి నుంచి సవరించినవి మొదలవుతాయి. సర్వే మామూలుగా బడ్జెట్‌కి ముందు వస్తుంది కాబట్టి ఆ ఏటి వృద్ధికి దాని చేతిలో ఉండేది జనవరి అంచనాయే. 2023-24 సర్వే మాత్రం ఎన్నికల వల్ల 2024 జులై 22న వచ్చింది, అందుకే అందులో మే నెల తాత్కాలిక అంచనా దొరికింది. ఆ తర్వాత 2025 జనవరి 31న వచ్చిన 2024-25 సర్వే కూడా 2023-24కి 8.2 అనే చెప్పింది. అది వచ్చిన నాలుగు వారాలకి 9.2 అయింది. సర్వేలో ఉన్నదే రాయమంటే 8.2, 2025 ఫిబ్రవరిలో సవరించిన అంకె అడిగితే 9.2. ఒకదాని వృద్ధినీ మరోదాని నామినల్‌నీ కలిపి భాగిస్తే మాత్రం చెత్త వస్తుంది.

సిరిమల్లె_గ్రూప్2

నేనే సొంతంగా ఒకటి చేసి చూశాను, తప్పుంటే దిద్దండి. 2024-25 సర్వే 2025-26కి రియల్ వృద్ధి 6.3 నుంచి 6.8 మధ్య ఉంటుందంది. మరుసటి రోజే వచ్చిన బడ్జెట్ నామినల్ వృద్ధి 10.1 అని వేసుకుంది. 1.101ని 1.063తో భాగిస్తే 3.6 శాతం, 1.068తో భాగిస్తే 3.1 శాతం. అంటే బడ్జెట్ మనసులో జీడీపీ ధరలు మూడు, మూడున్నర శాతం పెరుగుతాయని ఉంది. ఈ మాట సర్వేలో గానీ బడ్జెట్‌లో గానీ నాకు ఎక్కడా కనిపించలేదు, రెండూ కలిపి చదివితేనే బయటపడింది.

గణాంకాల బాబాయ్

దిద్దేదేం లేదమ్మా. రెండూ వేర్వేరు పత్రాలు, కాబట్టి "సూచిస్తోంది" అని రాయి, "చెప్పింది" అని రాయకు.

రెండో అటెంప్ట్ (2026 జనవరి)

పాత చర్చని మళ్ళీ పైకి తెస్తున్నాను, దీన్ని ఎవరూ మర్చిపోయి ఉండరనే అనుకుంటున్నా. జనవరి 7న 2025-26 మొదటి ముందస్తు అంచనా వచ్చింది. రియల్ 7.4, నామినల్ 8.0. సిరిమల్లె గారి పద్ధతిలో భాగిస్తే డిఫ్లేటర్ పెరిగింది అర శాతానికి కాస్త పైన, అంతే! బడ్జెట్ మూడు పైన అనుకుంది. టోకు ద్రవ్యోల్బణం ఈ ఏడాది కొన్ని నెలల్లో సున్నా కిందికే పోయింది, చిల్లర ద్రవ్యోల్బణం కూడా బాగా దిగింది. సర్వే అనుకున్నదానికన్నా రియల్ పెరిగి, బడ్జెట్ అనుకున్నదానికన్నా నామినల్ తగ్గింది.

నాకు భయంగా ఉన్నది ద్రవ్య లోటు గురించి. బడ్జెట్‌లో 4.4 శాతం అన్నారు కదా, అది నామినల్ జీడీపీలో వాటా. కింద ఉన్న అంకె 10.1 పెరుగుతుందనుకుంటే 8 మాత్రమే పెరిగింది. లోటు రూపాయల్లో అంతే ఉన్నా శాతంలో 4.5కి పోవాలి. మెయిన్స్‌లో ఇలా రాయొచ్చా?

సిరిమల్లె_గ్రూప్2

అన్నా, రాయకండి. నేనూ అలాగే అనుకుని బాబాయ్ గారు నేర్పినట్టు శాతాలు వదిలి మొత్తాలు చూశాను. బడ్జెట్ పెట్టుకున్న 2025-26 జీడీపీ 356.98 లక్షల కోట్లు. జనవరి 7 ప్రకటనలో ఉన్నది 357.14 లక్షల కోట్లు. తగ్గలేదు, ఒక వెంట్రుకవాసి ఎక్కువే ఉంది.

ఎలాగంటే, బడ్జెట్ తన 10.1ని లెక్కపెట్టింది 2024-25కి అప్పట్లో ఉన్న 324.11 లక్షల కోట్ల మీద. ఆ తర్వాత మే నెలలో 2024-25 అంకెనే 330.68కి పెంచారు. మెట్టు ఎత్తయింది, దాని మీద చిన్న అడుగు వేసినా అదే ఎత్తుకి చేరాం. లోటు 15.69 లక్షల కోట్లు అనుకుంటే దాన్ని 357.14తో భాగించినా 4.4 శాతమే.

గణాంకాల బాబాయ్

సరిగ్గా చూశావు తల్లీ. ఇందులో నేను కలపాల్సింది ఒక్కటే. ఫిబ్రవరిలో 2022-23 ఆధారంగా కొత్త శ్రేణి వస్తోంది. అది వచ్చాక ఈ మొత్తాలన్నీ మారతాయి. పాత శ్రేణి మొత్తాన్ని కొత్త శ్రేణి మొత్తంతో భాగించకండి, ఏ పక్కకి ఆ పక్కే చూసుకోండి.

హాస్టల్ గది 14

బాబాయ్ గారూ, జీడీపీ మొత్తం అంతే ఉందంటే పన్నుల రాబడి కూడా అనుకున్నంత వస్తుందా? లేక నామినల్ వృద్ధి తగ్గితే అది తగ్గుతుందా?

గణాంకాల బాబాయ్

పోయిన ఏడాది వసూలైన పన్ను మారదు నాయనా, సవరించి పెంచింది జీడీపీ అంకెనే. కాబట్టి పన్ను విషయంలో ఈ ఏడాది పెరుగుదలే ఎక్కువ పట్టించుకోవాలి. అదొక్కటే అయినా చెప్పేవాణ్ణి. ఈ ఏడాది ఆదాయపు పన్ను మినహాయింపు పెంచారు, సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు తగ్గించారు. ధరల వల్ల తగ్గింది ఎంత, రేట్ల వల్ల తగ్గింది ఎంత అని విడదీయడం నా దగ్గరున్న కాగితాలతో కాదు. లెక్కల టీచర్ గారు ఏమైనా ప్రయత్నిస్తారేమో చూద్దాం.